చిరుధాన్యాలు, గానుగ నూనె: సేంద్రియ ముద్ర వెంట పొలం దాకా వెళ్లగలమా?

కొన్నేళ్లుగా మా ఇంట్లో కొర్రలు, సామలు, అరికెలు, గానుగ పట్టిన వేరుసెనగ నూనె వాడుతున్నాం. వాటి రుచి గురించి కాకుండా, పొట్లం మీది సేంద్రియ ముద్రను పట్టుకుని పండించినవారి దాకా ఎంతవరకు వెళ్లగలమన్నది ఈ సమీక్షలో రాస్తున్నాను. నా అనుభవంలో ధాన్యం విషయంలో ఆ దారి చాలావరకు తేటగానే ఉంది. నూనె విషయంలో మాత్రం మిల్లు దగ్గర తెగిపోతూ వచ్చింది.

ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017 నాటి నిబంధనలు మన దేశంలో సేంద్రియ ఆహారానికి ప్రధానంగా రెండు ధ్రువీకరణలను గుర్తించాయి. వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడా నడిపే జాతీయ సేంద్రియ కార్యక్రమం ఎన్‌పీఓపీలో గుర్తింపు పొందిన సంస్థ పొలాన్నీ మిల్లునూ తనిఖీ చేసి పత్రం ఇస్తుంది. రెండోదైన పీజీఎస్ ఇండియాలో ఒకే ప్రాంతపు రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలిస్తారు. సేంద్రియ సరుకు పొట్లాల మీద వేసే జైవిక్ భారత్, ఇండియా ఆర్గానిక్ ముద్రల బొమ్మలను ఎవరైనా అచ్చు వేసుకోగలరు కనుక నేను బొమ్మకన్నా దాని దగ్గరున్న సంఖ్యకే విలువ ఇస్తాను. అయితే NPOP/NAB/ అని మొదలయ్యే సంఖ్య తనిఖీ చేసిన సంస్థది మాత్రమే, సరుకు పండించినవారిది కాదు. చాలామంది అమ్మకందారులు దాన్నే చూపించి సరిపెడుతున్నారు. పీజీఎస్ పొట్లం మీద ‘గ్రీన్’ అని ఉంటే ఆ పొలం ఇంకా సేంద్రియానికి మారే దశలోనే ఉందని అర్థం. మార్పు పూర్తయినదానికే ‘ఆర్గానిక్’ అని ఉంటుంది.

ముద్ర లేనంత మాత్రాన సరుకును అనుమానించనక్కరలేదు. ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని అమ్మకాలతో, నేరుగా వాడుకదారుకే అమ్మే చిన్న రైతులకు, రైతు సంఘాలకు ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. కానీ వారు జైవిక్ భారత్ ముద్ర వాడకూడదు. అందుకే సంతలో ఒక రైతు చేతిరాత చీటీ అంటించి అమ్మే అరికెలకన్నా, ధ్రువీకరణ పత్రం అడిగితే ‘మేం చిన్నవాళ్లం, మాకు అక్కర్లేదు’ అంటూనే ఆ ముద్ర వేసుకున్న పొట్లమే నాకు ఎక్కువ అనుమానం కలిగిస్తుంది.

ఒక నూనె సీసా విషయం వివరంగా చెబుతాను. దాని మీద ఇండియా ఆర్గానిక్ ముద్ర, తనిఖీ సంస్థ సంఖ్య రెండూ ఉన్నాయి. ధ్రువీకరణ పత్రం పంపమని అడిగితే అమ్మకందారు వెంటనే పంపారు, అది నకిలీ కూడా కాదు. అలాంటి పత్రంలో నేను మూడు విషయాలు చూస్తాను: ఎవరి పేరున ఉంది, ఏ సరుకులకు ఇచ్చారు, ఏ తేదీ వరకు చెల్లుతుంది. తేదీ బాగానే ఉంది. పేరు మాత్రం ఒక రైతు బృందానిది, సరుకుల జాబితాలో వేరుసెనగ కాయ ఉంది కానీ నూనె లేదు. సీసా మీద తయారీదారుగా ఉన్న మిల్లు ఆ పత్రంలో ఎక్కడా కనిపించలేదు. పొలం సేంద్రియమైనదే కావచ్చు. అదే గానుగలో ముందురోజు ఏ కాయ ఆడించారో, సేంద్రియ కాయను విడిగా నిల్వ చేశారో లేదో ఎవరూ తనిఖీ చేయలేదన్నమాట. మిల్లు పేరున ఉన్న పత్రమూ, ఈ సరుకు ఆ బృందం నుంచి మిల్లుకు చేరిందని తనిఖీ సంస్థ ఇచ్చే లావాదేవీ పత్రమూ ఉంటే తప్ప ఆ గొలుసు పూర్తి కాదు. వాటిని అడిగిన తర్వాత నాకు జవాబు రాలేదు, నేను ఆ నూనె కొనడం మానేశాను.

14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది వ్యాపారానికి అనుమతి ఉందని మాత్రమే చెబుతుంది, సేంద్రియానికి దానితో సంబంధం లేదు. అయినా నాకు అది బాగా ఉపయోగపడింది. foscos.fssai.gov.in లో ఆ సంఖ్య వెతికితే అనుమతి ఎవరి పేరున, ఏ చిరునామాకు ఉందో తెలుస్తుంది. సీసా మీద ‘మార్కెట్ చేసినవారు’, ‘తయారు చేసినవారు’ వేరువేరుగా ఉన్నప్పుడు రెండో వారి సంఖ్యనే వెతకాలి, ఎందుకంటే గానుగ ఉన్నది వారి దగ్గరే.

ఇంతా చేసినా నూనె నిజంగా గానుగదేనా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది, ఎందుకంటే సేంద్రియ ధ్రువీకరణ పని పంట ఎలా పండింది, ఎలా వేరుగా ఉంచారు అన్నది చూడటమే. ఇక్కడ నాకు పనికొచ్చింది లెక్క. చెక్క గానుగలో లీటరు వేరుసెనగ నూనెకు ఇంచుమించు రెండున్నర కిలోల పప్పు పడుతుంది, నూనె తీశాక మిగిలే పిండిలో కొంత నూనె ఉండిపోతుంది. ఆ ఊళ్లో ఆ వారం పప్పు ధరను రెండున్నరతో హెచ్చించి, పిండి అమ్మితే వచ్చేది తీసేసినా, సీసా ధర అంతకన్నా తక్కువగా ఉంటే అందులో మరేదో కలిసిందనే నేను అనుకుంటాను. వాసన, అడుగున మడ్డి కొంత చెబుతాయి గానీ, రిఫైన్డ్ నూనెలో కాస్త గానుగ నూనె కలిపినా ఆ వాసన వస్తుంది కనుక వాటి మీదే ఆధారపడలేను.

కొర్రల్లో పై తవుడు పొర ఎంత మిగిలిందన్నదీ ముద్ర చెప్పదు. పాలిష్ పట్టని కొర్రలు లేత పసుపుగా ఉంటాయి, తవుడులోని నూనె వల్ల తొందరగా ముక్క వాసన వస్తాయి. తెల్లగా మెరుస్తూ ఏడాది దాటినా చెడకుండా నిలిచే ‘అన్‌పాలిష్డ్’ కొర్రలను ఏ ముద్ర ఉన్నా నేను తీసుకోను; మర పట్టిన తేదీ వేసిన చిన్న పొట్లాలనే, రెండు నెలలకు సరిపడా మాత్రమే కొంటున్నాను.