ఖద్దరు చొక్కా మెత్తబడాలంటే నీళ్లు మంచివై ఉండాలి

2021 అక్టోబరులో, గాంధీ జయంతి రాయితీ నడుస్తున్నప్పుడు, అనంతపురంలో రెండు చొక్కాలకు సరిపడా తెల్ల ఖద్దరు తెచ్చుకున్నాను. పొందూరు సన్న ఖద్దరు కాదు. చేత్తో పట్టుకుంటే మోటుగా తగిలే మామూలు రకం. నాలుగేళ్లుగా ఆ రెండు చొక్కాలూ వారానికి రెండుసార్లైనా వేసుకుంటున్నాను. మొదట్లో కనబడిన వాళ్లందరికీ "ఖద్దరు ఉతికే కొద్దీ మెత్తబడుతుంది, కొనండి" అని చెప్పాను. ఆ మాటకు ఇప్పుడు ఒక షరతు చేర్చాల్సి వచ్చింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కొత్త ఖద్దరు బిరుసుగా ఉండటానికి ప్రధాన కారణం గంజి. చేత్తో వడికిన నూలుకు బలం తక్కువ, మగ్గం మీద నిలువుగా సాగే పడుగు పోగులు తెగకుండా గంజి పట్టించి నేస్తారు. అందుకని గుడ్డను కుట్టించే ముందే రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టాను. పొద్దున చూస్తే నీళ్లు పాలలా తెల్లబడి, వేళ్లకు కాస్త జిగటగా తగిలాయి. రెండోసారి కొంచెం తేటపడ్డాయి, మూడోసారి పూర్తిగా తేటగా వచ్చాయి. ఇలా తడిపినప్పుడే గుడ్డ ముడుచుకుంటుంది కూడా. పడుగు వైపు 50 సెంటీమీటర్లకు పెన్సిల్‌తో గీత పెట్టి ఆరాక కొలిస్తే 47.5 ఉంది. తడపకుండా కుట్టించి ఉంటే చేతులు మణికట్టు పైకి ఎక్కేవి.

కుట్టించిన కొత్తలో చొక్కా బాగానే ఉంది. పదో ఉతుకు దాటాక చిత్రం మొదలైంది. మెత్తబడాల్సింది పోయి ఎండాక అట్టలాగా నిలబడుతోంది. మెడ దగ్గర కాలరు ఒరుసుకుని ఎర్రగా అయ్యేది. బనీను కూడా వేసుకోలేనంత వేడి రోజుల్లో ఆ గరుకుతనం భరించలేకపోయాను. గంజి పూర్తిగా పోలేదేమో అనుకుని మళ్లీ నానబెట్టాను, వేడినీళ్లు కూడా వాడాను. ఏమీ మారలేదు.

గంజి ఉందో లేదో చూడటానికి ఒక చిన్న పని చేశాను. కుట్టగా మిగిలిన పీలికల్లో ఉతకని కొత్త ముక్క ఒకటి, చొక్కాతో పాటే ఉతుకుతూ వచ్చిన ముక్క ఒకటి తీసుకున్నాను. గాయాలకు పూసే గోధుమరంగు అయోడిన్ మందు ఒక్కో చుక్క రెండింటి మీదా వేశాను. కొత్త ముక్క మీద చుక్క చూస్తుండగానే నల్లనీలంగా మారింది. గంజి ఉన్నచోట అయోడిన్ అలాగే మారుతుంది. ఉతికిన ముక్క మీద మాత్రం గోధుమరంగుగానే ఉండిపోయింది. అంటే గంజి ఎప్పుడో వెళ్లిపోయింది, ఈ బిరుసు వేరేదన్నమాట.

సంగతి తేల్చింది మా అమ్మ. "మన బోరు నీళ్లలో సబ్బు నురగే రాదు కదరా. ఆ తెట్టంతా బట్టకే అంటుకుంటాది" అంది. బకెట్ అంచుకు తెల్లగా పేరుకునే జిడ్డు చూపించింది. మా వీధి బోరు నీళ్లు అంత ఉప్పు నీళ్లు. అందులోని సున్నం లాంటి లవణాలు బార్ సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టెగా మారతాయి. జాడించినా అది పోదు, పోగుల మధ్యే ఇరుక్కుంటుంది. మిల్లు గుడ్డ నూలు గట్టిగా మెలిపడి నునుపుగా ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది. ఖద్దరు నూలు పురి వదులుగా, నూగుగా ఉంటుంది. తెట్టెకు నిలవడానికి అంతకన్నా చోటేం కావాలి?

ఆ వానాకాలం ఒక సాయంత్రం గట్టిగా వాన పడితే మిద్దె మీద రెండు బకెట్లు పెట్టాను. ఒక చొక్కాను నాలుగు లీటర్ల నీళ్లలో ఒక గ్లాసు తెల్ల వినెగర్ కలిపి అరగంట ఉంచాను. తర్వాత వాన నీళ్లలో సబ్బు లేకుండా డిటర్జెంట్ పొడితో ఉతికి, పులుపు మిగలకుండా రెండుసార్లు జాడించాను. పులుపు గుడ్డలో మిగిలి ఎండితే నూలు దెబ్బతినొచ్చు, అది మాత్రం మరిచిపోకూడదు. నీడలో ఆరేసి మధ్యలో ఒకసారి బాగా దులిపాను. మరుసటి రోజు వేసుకుంటే అది నా చొక్కాయేనా అనిపించింది. రెండో చొక్కాను మామూలుగానే ఉతికి పక్కన పెట్టుకున్నాను కాబట్టి తేడా చేతికే తెలిసింది. వినెగర్‌లో నానబెట్టిన చొక్కా అంచు పట్టుకుని అమ్మ "ఇప్పుడు బట్ట లాగుంది" అంది. నాకు ఆ రోజు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

మెత్తబడటం అంటే లోపల ఏం జరుగుతుందో ఆ తర్వాతే గమనించాను. వెలుతురుకు ఎదురుగా గుడ్డ పట్టుకుంటే ఒక్కో పోగు సన్నగా మొదలై ఉబ్బి మళ్లీ సన్నబడుతుంది. దూది ఏకు నుంచి దారం లాగే చేతి వేగం కాస్త మారినా పోగు లావు మారుతుంది. పురి ఎప్పుడూ సన్నని చోటుకే పరిగెత్తుతుంది. అందుకే సన్నని చోట గట్టిగా మెలిపడి తీగలా ఉంటుంది, లావు చోట వదులుగా దూదిలా మిగులుతుంది. ఉతుకుల్లో గంజి పోయాక ఆ లావు చోట్లే విచ్చుకుని పక్క పోగుల మధ్య ఖాళీలు నింపుతాయి. గుడ్డ నిండుగా, మెత్తగా అనిపించేది వాటివల్లే.

ఆ ఉబ్బులను లోపం అనుకోవద్దు. రెండో చొక్కా జేబు దగ్గర ఒక ఉండ కనిపిస్తే, ఆల్టరేషన్‌కు ఇచ్చిన టైలరు నన్నడగకుండానే నీట్‌గా ఉంటుందని బ్లేడుతో గీకేశాడు. అది అదనంగా అంటుకున్న దూది కాదు, ఆ పోగే. ఆరు ఉతుకుల తర్వాత అక్కడ శనగగింజంత చిల్లు పడింది. తెల్ల దారంతో రఫ్ఫు చేయించాను, కానీ దగ్గరగా చూస్తే తెలుస్తుంది. నాకు ఇంకా బాధగానే ఉంది.

మెత్తదనానికి మూల్యం కూడా ఉంది. మూడో ఏడాది కాలరు మడత అంచున నూగు లేచి చీలిక మొదలైంది. వదులుగా ఉన్న లావు చోట్లే ముందు అరుగుతాయి. కాలరు తిప్పించి కుట్టించుకున్నాను, ఇంకో ఏడాది వస్తుందనుకుంటున్నాను. అంతే ధర పెట్టిన మిల్లు చొక్కా ఇంత తొందరగా అంచు తేలేది కాదు.

మీ ఇంటికి మంచి కొళాయి నీళ్లు వస్తుంటే ఇవేవీ పట్టించుకోకుండా కొనుక్కోవచ్చు, మూడు నెలల్లో మెత్తబడుతుంది. మాలాగా బోరు మీద ఆధారపడేవాళ్లు బార్ సబ్బు మానేసి పొడి వాడితే చాలావరకు సరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి వినెగర్ పెట్టుకోవాలి. రంగు ఖద్దరుకు, ముఖ్యంగా చెట్ల నుంచి తీసే రంగులకు, పులుపు తగిలితే రంగు మారొచ్చు కాబట్టి ముందు పీలిక మీద చూసుకోండి. నేను తెల్లదే కొన్నాను, ఈసారి కూడా తెల్లదే తెచ్చుకుంటాను. మిగిలిన పీలికలు మాత్రం పారేయకుండా దాచుకుంటాను.