చిన్న బ్యాటరీయా, పెద్ద బ్యాటరీయా? డిమాండ్ ఛార్జీ తగ్గించడానికి ఏది మేలు

హెచ్‌టీ, అంటే అధిక వోల్టేజీ కనెక్షన్ ఉన్న ఆఫీసు భవనాల మేనేజర్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "బ్యాటరీ పెడితే కరెంటు బిల్లులో డిమాండ్ ఛార్జీ ఎంత తగ్గుతుంది?" వాడిన యూనిట్లకు కాక, ఆ నెలలో లాగిన గరిష్ఠ లోడుకు కట్టేదే డిమాండ్ ఛార్జీ. బ్యాటరీ అమ్మేవాళ్లు ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబిస్తారు. ఎంత పెద్దది పెడితే అంత తగ్గుతుందంటారు. ఆ మాట ఎక్కడిదాకా నిజమో తెలియాలంటే ఒక భవనం లెక్క మొదటినుంచి చివరిదాకా వేసి చూడాలి.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసు భవనం ఉందనుకుందాం. 11 కేవీ సరఫరా. డిస్కంతో ఒప్పుకున్న డిమాండ్, అంటే సీఎండీ, 500 కేవీఏ. డిమాండ్ ఛార్జీ నెలకు కేవీఏకు 475 రూపాయలని లెక్కకు తీసుకుందాం. మీ బిల్లులో రేటు వేరుగా ఉంటే అది వేసుకోండి, పద్ధతి మారదు. ఆ నెలలో మీటరు నమోదు చేసిన గరిష్ఠ డిమాండ్ (ఆర్ఎండీ), లేదా సీఎండీలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. ఈ 80 శాతం నిబంధనే మన కథలో అసలు మెలిక.

ఇంకో సంగతి. మీటరు క్షణక్షణం చూడదు. 4000 కేవీఏ లోపు వినియోగదారులకు అరగంట సగటు తీసుకుంటుంది. లిఫ్టు మోటారు స్టార్ట్ అయినప్పుడు లేచే కరెంటుకు భయపడక్కర్లేదు. అయిదు నిమిషాలపాటు 100 కేవీఏ అదనంగా లాగినా అరగంట సగటులో పెరిగేది 17 దాకానే. బిల్లు పెంచేది మధ్యాహ్నం గంటల తరబడి నడిచే ఏసీ చిల్లర్లు.

మే నెలలో అత్యంత వేడి రోజు ఈ భవనం అరగంట రీడింగులు ఇలా ఉన్నాయనుకుందాం. మధ్యాహ్నం 1 గంటకు 415. అక్కడినుంచి వరసగా 430, 452, 478. మూడింటికి 498. తర్వాత 492, 470, 445, 425, చివరికి అయిదున్నరకు 408. ఒంటిగంటకు ముందు, ఆరింటికి తర్వాత 400 లోపే. కిలోవాట్లకూ కేవీఏకూ ఉన్న నిష్పత్తి, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.99 కాబట్టి కేవీఏను కిలోవాట్‌గానే తీసుకోవచ్చు. (మీది 0.92 దగ్గరుంటే బ్యాటరీ మాట పక్కన పెట్టి ముందు కెపాసిటర్ ప్యానెల్ బాగుచేయించండి. 460 కిలోవాట్లు 0.92 దగ్గర 500 కేవీఏ, 0.99 దగ్గర 465 కేవీఏ. ఆ 35 కేవీఏ బ్యాటరీ ఖర్చులో ఏ కొంచెంతోనో దొరుకుతుంది.)

గరిష్ఠం 450 దాటకూడదని గీత గీస్తే, ఆ గీతకు పైనున్న అరగంటలు అయిదే. వాటిలో బ్యాటరీ ఇవ్వాల్సిన మిగులు 2, 28, 48, 42, 20. కలిపి అరగంటతో గుణిస్తే 70 యూనిట్లు. ఒక్కసారిగా కావలసిన శక్తి 48 కిలోవాట్లు.

గీతను ఇంకో 50 కిందికి, 400కు దించితే గీత పైకి పది అరగంటలు వస్తాయి. మొత్తం 256 యూనిట్ల పైచిలుకు. కిలోవాట్లు 48 నుంచి 98కి, అంటే రెట్టింపు అయ్యాయి. యూనిట్లు మాత్రం మూడున్నర రెట్లు దాటాయి. లోడు గీత కొండలాంటిది కదా, శిఖరం సన్నగా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ వెడల్పు అవుతుంది. మొదటి 50 కేవీఏ కోయడానికి 70 యూనిట్లు చాలాయి, రెండో 50కి 186 కావాలి. బ్యాటరీ ధర యూనిట్లమీద నడుస్తుంది, ఆదా కేవీఏలమీద నడుస్తుంది. పెద్ద బ్యాటరీకి ఇక్కడే ఎదురుదెబ్బ.

కాగితం మీద 70 యూనిట్లు కావాలంటే 70 యూనిట్ల బ్యాటరీ కొంటే చాలదు. పూర్తిగా ఖాళీ చేయరు, 90 శాతమే వాడతారు. ఇన్వర్టర్‌లో అయిదు శాతం పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ సామర్థ్యం తగ్గి 80 శాతానికి వస్తుంది, అప్పటికీ పని జరగాలి. 70ని ఈ మూడింటితో భాగిస్తే దాదాపు 100 యూనిట్లు. పెద్దదానికి ఇదే లెక్క 375 యూనిట్లు అవుతుంది. ఇన్వర్టర్, బిగింపు అన్నీ కలిపి యూనిట్ సామర్థ్యానికి 20,000 రూపాయలని పెట్టుకుందాం. ఇది నా ఊహ, మీకొచ్చిన కొటేషన్‌తో మార్చుకోండి. చిన్నది 20 లక్షలు, పెద్దది 75 లక్షలు.

ఇప్పుడు ఆదా. ఈ భవనంలో మార్చిలో 462, ఏప్రిల్‌లో 488, మేలో 498, జూన్‌లో 471 నమోదయ్యాయి. మిగతా ఎనిమిది నెలలూ 350 చుట్టూ. అయినా ఆ ఎనిమిది నెలలకూ 80 శాతం నిబంధన వల్ల 400కే కడుతున్నారు. ఏడాది డిమాండ్ ఛార్జీ 24 లక్షల 31 వేలు. వేసవి నాలుగు నెలలకూ మే నెల ఆకారమే ఉంటుందని అనుకుంటే లెక్క ఇదిగో:

| | చిన్నది (450కి కోత) | పెద్దది (400కి కోత) |
|---|---|---|
| పెట్టుబడి | 20 లక్షలు | 75 లక్షలు |
| సీఎండీ 500 అలాగే ఉంచితే ఏడాది ఆదా | 56,525 | 1,51,525 |
| సీఎండీని కోతకు తగ్గిస్తే ఏడాది ఆదా | 2,08,525 | 3,41,525 |
| సీఎండీ తగ్గిస్తే పెట్టుబడి తిరిగి రావడానికి | 9.6 ఏళ్లు | 22 ఏళ్లు |

మూడో వరుసను ఒకటికి రెండుసార్లు చూడండి. బ్యాటరీ పెట్టి సీఎండీని అలాగే వదిలేస్తే చిన్నదాని పెట్టుబడి తిరిగి రావడానికి 35 ఏళ్లు పడుతుంది. ఆదాలో పెద్దభాగం బ్యాటరీ నడిచే వేసవిలో రావడం లేదు. సీఎండీ 450కి దిగినప్పుడు 80 శాతం మెట్టు 400 నుంచి 360కి దిగుతుంది. బ్యాటరీ ఖాళీగా కూర్చున్న మిగతా ఎనిమిది నెలల్లో ఒక్కో నెలకు 40 కేవీఏ మిగులుతుంది. అమ్మకపు ప్రెజెంటేషన్లలో ఈ ముక్క ఉంటే ఆ కంపెనీకి మన టారిఫ్ తెలుసని అర్థం. "నెలకు 50 కేవీఏ ఇంటూ 475 ఇంటూ 12" అని రాసి ఉంటే ఆ కాగితం వెనక్కి ఇచ్చేయొచ్చు.

చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లడానికి పెట్టే అదనపు 55 లక్షలకు ఏడాదికి వచ్చేది లక్షా 33 వేలు. అంటే 41 ఏళ్లు. బ్యాటరీ అంతకాలం బతకదు. ధర యూనిట్‌కు 12,000కి పడిపోయినా చిన్నది ఆరేళ్లలోపు తిరిగొస్తుంది, పెద్దది 13 ఏళ్లు తీసుకుంటుంది. ఈ ఆకారం లోడుకు చిన్నదే మేలని నా తీర్పు. అదీ పరవాలేదు అనిపించేంతే, గొప్ప లాభమేమీ కాదు. టీఓడీ, అంటే వేళను బట్టి మారే యూనిట్ రేటు తేడా వాడుకుంటే కొంచెం ఊరట. సాయంత్రం 6 నుంచి 10 వరకు యూనిట్‌కు రూపాయి ఎక్కువ, రాత్రి రూపాయిన్నర తక్కువ అనుకుంటే, ఛార్జింగ్ నష్టాలు పోను 70 యూనిట్లకు రోజుకు 110 రూపాయల దాకా మిగలొచ్చు. కానీ వేసవి మధ్యాహ్నం ఖాళీ అయిన బ్యాటరీతో అదే సాయంత్రం ఈ పని కుదరదు. మిగతా ఎనిమిది నెలల్లో మాత్రమే. ఏడాదికి పాతికవేలు, అంతే.

రెండింట్లో ఏది తప్పు చేస్తే ఎక్కువ నష్టమో కూడా చూడాలి. మే నెలలో ఒక మధ్యాహ్నం బ్యాటరీ గది ఏసీ ఆగిపోయింది, వేడెక్కి బ్యాటరీ తనంతట తనే ఆగింది అనుకోండి. ఆర్ఎండీ 498 పడుతుంది. సీఎండీ దాటిన డిమాండ్‌కు రెట్టింపు ఛార్జీ. చిన్నదానికి దాటింది 48, అపరాధ భాగమే 45,600 రూపాయలు. పెద్దదానికి 98, అంటే 93,100. ఒక్క అరగంటకు ఏడాది ఆదాలో ఒకదాంట్లో అయిదోవంతు, ఇంకోదాంట్లో నాలుగోవంతు పైగా పోయింది. అందుకే మొదటి వేసవి మొత్తం బ్యాటరీని నడిపి చూసి, ఆ తర్వాతే సీఎండీ తగ్గింపుకు దరఖాస్తు పెట్టడం మంచిది. అగ్రిమెంట్ గడువు, నోటీసు నిబంధన ముందే చదువుకోవాలి. తగ్గించుకున్నాక మళ్లీ పెంచుకోవాలంటే డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి.

చిన్న బ్యాటరీతో ఎక్కువగా జరిగే పొరపాటు అత్యాశ. కంట్రోలర్‌లో గీతను 450 బదులు 430కి పెడతారు. పాతబడి 70 యూనిట్లే ఇస్తున్న, 60 కిలోవాట్ల ఇన్వర్టర్ ఉన్న బ్యాటరీ అనుకుందాం. రెండింటికి మొదలయ్యే అరగంటలో 11 యూనిట్లు, తర్వాతిదాంట్లో 24, మూడింటిదాంట్లో ఇన్వర్టర్ నిండుగా ఇచ్చి 30. మొత్తం 65 అయిపోయాయి. మూడున్నరకు లోడు 492, చేతిలో అయిదే యూనిట్లు. అరగంట సగటుకు అది 10 కిలోవాట్లు. మీటరు 482 నమోదు చేస్తుంది. 430 కావాలనుకున్న నెలకు 482 బిల్లు, అందులో 32కి రెట్టింపు రేటు. దీన్ని గుర్తుపట్టడం తేలికే. బ్యాటరీ లాగ్‌లో ఛార్జి సున్నాకు చేరిన సమయాన్ని, మీటరు ఆర్ఎండీ పడిన సమయాన్ని పక్కపక్కన పెట్టండి. రెండూ ఒక్కటైతే గీత పైకి జరపాలి.

మరి పెద్దది ఎప్పుడు మేలు? భవనానికి జనరేటర్ డీజిల్ ఖర్చు ఎక్కువగా ఉండి, కరెంటు పోయినప్పుడు కూడా బ్యాటరీయే మోయాలనుకుంటే దాని విలువ డిమాండ్ ఛార్జీలో కాక డీజిల్ బిల్లులో కనిపిస్తుంది. అప్పుడు కూడా పవర్ కట్ కోసం దాచిన యూనిట్లను మధ్యాహ్నం కోతకు లెక్కపెట్టకూడదు. 375లో 150 యూనిట్లు దాచి ఉంచితే ఈ భవనంలో 400 గీత అందదు. మిగిలిన దాంట్లో వాడదగ్గవి 154 యూనిట్లు, దానికి 425 గీత దగ్గరే ఆగాలి. సీఎండీ దరఖాస్తులో రాయాల్సిన అంకె ఆ 425 కంటే తక్కువ కాకూడదు.