పహాణీ ఫోటోను పట్టికగా మార్చాలంటే: చేత్తో టైపు మేలా, ఓసీఆర్ మేలా?

తెలంగాణలో పాత పహాణీలు ఫోటోలుగా దగ్గర పెట్టుకున్నవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది. సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం, భూమి మీదున్న అప్పు-తాకట్టు భారం ఈ నాలుగూ ఎక్సెల్‌లోకి రావాలి. చేత్తో కొట్టాలా, ఫోటోలోని అక్షరాలను తనే గుర్తుపట్టే ఓసీఆర్‌తో చదివించాలా?

ఎంత వేగంగా అయిపోతుందన్నది దీనికి కొలత కాదు. తప్పు పడితే అది బయటపడుతుందా, పడదా అన్నదే కొలత. రెండు పద్ధతుల్లోనూ తప్పులు పడతాయి, కాకపోతే వాటి తీరు వేరు. చేత్తో కొట్టేవాడికి అక్షరం అర్థం కాకపోతే చెయ్యి ఆగుతుంది. ఓసీఆర్ ఆగదు. 2.35ను 2.25గా చదివి, చక్కగా కనిపించే అంకెను గడిలో పెట్టి ముందుకు వెళ్ళిపోతుంది. గీతను ఒకటిగా చదివితే 214/1 కాస్తా 21411 అవుతుంది. అంత పెద్ద నంబరు కంటికి ఆనుతుంది కానీ, 214/అ లోని ‘అ’ను ‘ఆ’గా చదివితే ఎవరికీ అనుమానం రాదు. అక్కడ భూమి మాత్రం ఇంకొకరిది అయిపోతుంది.

అందుకని ఏ దారిలో వెళ్ళినా ముందు తప్పు పట్టే ఏర్పాటు చేసుకోవాలి. అది విస్తీర్ణం గడితో మొదలవుతుంది.

పహాణీలో 3.20 అని ఉంటే మూడుంపావు దగ్గర ఎక్కడో అనుకోకూడదు. అది మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అక్కడి అడంగల్‌లోని చుక్క దశాంశంలాగే పనిచేస్తుంది, నేరుగా కూడినా ఇబ్బంది లేదు. తెలంగాణ రికార్డులో అలా కూడితే లెక్క తప్పుతుంది. పైగా ఎక్సెల్‌లో 3.20 కొడితే 3.2గా మిగులుతుంది. తర్వాత చూసేవాళ్ళకు అది రెండు గుంటలో ఇరవై గుంటలో తెలియదు. కొన్ని రికార్డుల్లో చుక్క తర్వాత నాలుగంకెలు ఉంటాయి. 2.1050 అంటే రెండెకరాల పదిన్నర గుంటలు. కాబట్టి ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడిగా పెట్టండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 214 సర్వే నంబరు మొత్తం 12 ఎకరాల 5 గుంటలు. అందులోని భాగాలు అ 3.20, ఆ 2.35, ఇ 3.30, ఈ 2.00. ఎకరాలు D గడిలో, గుంటలు E గడిలో ఉంటే కింద ఈ రెండు సూత్రాలు చాలు:

```
=SUM(D2:D5)+INT(SUM(E2:E5)/40)
=MOD(SUM(E2:E5),40)
```

ఎకరాలు 10, గుంటలు 85. 85 గుంటలంటే రెండెకరాల 5 గుంటలు. మొత్తం 12, 5. రికార్డుతో సరిపోయింది. చుక్కతోనే కూడి ఉంటే 10.85 వచ్చేది. ఓసీఆర్ 3.30ను 3.80గా చదివితే గుంటల గడిలో 80 పడుతుంది. 40 గానీ అంతకు మించి గానీ గుంటలు ఉండవు కాబట్టి వెంటనే దొరుకుతుంది. 2.35ను 2.25గా చదివితే మొత్తం 10 గుంటలు తగ్గి 11 ఎకరాల 35 గుంటలు వస్తుంది. ఫోటో అంచున ఒక వరుస తెగిపోయినా ఈ కూడికే చెబుతుంది.

కానీ ఈ కూడికకు ఒక హద్దు ఉంది. అ, ఆ వరుసల విస్తీర్ణాలు తారుమారైతే మొత్తం మారదు. ఓసీఆర్‌లో ఇది తరచూ జరుగుతుంది. పేరు ఒక గీత, తండ్రి పేరు కింద ఇంకో గీత ఉంటే అది రెండు వరుసలుగా విడదీస్తుంది. ఆ తర్వాత అంకెలన్నీ ఒక మెట్టు జారతాయి. దీన్ని పట్టుకోవడానికి రెండో కూడిక కావాలి, అది ఖాతా వారీగా. అ భాగం ఖాతా 61ది, అదే ఖాతాకు ఇంకో సర్వే నంబరులో 1.10 ఉంది అనుకుందాం. ఒక్కో ఖాతాలోని భూమినంతా చూపే రికార్డు వన్-బీలో ఆ ఖాతా మొత్తం 4.30 ఉంటుంది. తారుమారైన పట్టికలో 2.35కు 1.10 కలిపితే 4.05 వస్తుంది. తప్పు ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది.

ఇక ఎంపిక. చేతిరాత పహాణీ అయితే ఓసీఆర్ వైపు వెళ్ళకండి. టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ ప్రోగ్రాములు అచ్చు అక్షరాల మీద తయారైనవి. పైన ఉన్నదే కిందా అని చూపే ‘సదరు’ గుర్తులు, కొట్టేసి పక్కన దిద్దిన అంకెలు వాటికి అందవు. ఇద్దరు మనుషులు సర్వే నంబరు, విస్తీర్ణం గడులను ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా కొట్టాలి. తర్వాత ఒకరిది B గడిలో, ఇంకొకరిది H గడిలో ఉంటే `=EXACT(B2,H2)`తో పోల్చి, తేడా వచ్చిన గడులకు మాత్రమే ఫోటో మళ్ళీ తెరిస్తే చాలు. పనికి ముందే సర్వే నంబరు గడిని టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 12/3 మార్చి పన్నెండు అయి కూర్చుంటుంది. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా అయిదంకెల సంఖ్య వస్తుందే తప్ప 12/3 తిరిగి రాదు.

అచ్చు వేసిన ప్రతి అయితే, పేజీలు ఎక్కువుంటే, ఓసీఆర్‌ను పేర్ల వరకు వాడుకోండి. పేర్లు కొట్టడమే ఎక్కువ సమయం తీసుకునే పని.

```
tesseract pahani.png out -l tel+eng --psm 6 tsv
```

ఇలా తీస్తే ప్రతి మాట పక్కన `conf` అనే గడిలో నమ్మకం అంకె వస్తుంది, మాట ఉన్న చోటు కూడా వస్తుంది. తక్కువ అంకె ఉన్న మాటలను ముందు చూడండి. అయితే ఎక్కువ అంకె ఉన్నంత మాత్రాన సరైనదని కాదు. అంకెల గడులను మాత్రం అచ్చు ప్రతికైనా చేత్తోనే కొట్టడం మేలు. పేర్లలోనూ ఒక జాగ్రత్త అవసరం. పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. గడులు కలిసిపోతే సాగు చేసుకునే మనిషి యజమానిగా పట్టికలోకి ఎక్కుతాడు.

ఒకరు చదువుతుంటే ఫోనులో వాయిస్ టైపింగ్ చేయడం మూడో దారి. అ-ఆ, ఇ-ఈ వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి సర్వే నంబర్లకు పనికిరాదు. చదివి వినిపించాల్సే వస్తే ‘అమ్మ అ, ఆవు ఆ’ అని చెప్పించుకోండి. ప్రస్తుత రికార్డు ప్రభుత్వ పోర్టల్‌లో దొరుకుతుంటే ఫోటోతో తంటాలు పడకుండా అక్కడి నుంచే తీసుకోండి.

భారం గడి దగ్గర రెండు పద్ధతులూ ఒకేలా తడబడతాయి. పహాణీ రిమార్కుల్లో బ్యాంకు అప్పు రాసి ఉంటే ఉన్నది ఉన్నట్టు దించండి. గడి ఖాళీగా ఉంటే ‘లేదు’ అని రాయకండి, ‘ఖాళీ’ అని రాయండి. చదవలేకపోతే ‘చదవలేకపోయాం’ అని పెట్టండి. ఈ మూడూ వేరు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే భారాల ధ్రువపత్రం, అంటే ఈసీలోని భారం దస్తావేజు నంబరు, సంవత్సరం ప్రకారం ఉంటుంది. ఒక తాకట్టు దస్తావేజులో రెండు మూడు సర్వే నంబర్లు ఉండొచ్చు. అందులో 214 అని మాత్రమే ఉండి, అ, ఆ భాగాలు లేకపోవచ్చు కూడా. కాబట్టి భారాలకు వేరే షీటు పెట్టి, ప్రతి దస్తావేజును అది తగిలే సర్వే నంబరుకు ఒక్కో వరుసగా రాయండి. భాగం తెలియని చోట 214 అనే ఉంచండి, ఊహించి అ గానీ ఆ గానీ తగిలించకండి. తాకట్టు ఎదుట దాని విడుదల దస్తావేజు నంబరుకు ఒక గడి ఉండాలి. ఈసీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీశారో షీటు పైనే రాసి పెట్టండి. ఆ తేదీల బయట జరిగిన తాకట్టు గురించి ఆ పట్టిక ఏమీ చెప్పలేదు.