సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొంటున్నారా? తక్కువ తిరిగిన సిటీ బండితో జాగ్రత్త

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కోసం చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. బండి మోడల్ పేరు, అమ్మిన డీలర్ పేరు రాయడం లేదు. ఈ ఇబ్బంది 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో దేనికైనా రావచ్చు.

నేను కొన్నది 2021 మోడల్. సింగిల్ ఓనర్, మీటర్ మీద 31,240 కిలోమీటర్లు, గీత కూడా లేని బాడీ. "సార్, ఊళ్లు తిరిగిన బండి కాదు, ఇల్లు, ఆఫీసు అంతే" అన్నాడు డీలర్. ఆ మాటే నన్ను పడేసింది. డీజిల్ బండి విషయంలో ఆ మాట వినగానే వెనక్కి తగ్గాల్సిందని తర్వాత తెలిసింది.

మా ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు మాదాపూర్. పది కిలోమీటర్లకు పొద్దున గంట పడుతుంది. కొన్న పంతొమ్మిదో రోజు డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైట్ వెలిగింది. మరుసటి రోజు ఇంజన్ లైట్ కూడా వచ్చి, పికప్ పూర్తిగా పడిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక లారీ హారన్ కొడుతోంది, నా కారు నలభై దాటడం లేదు. పక్కన మా పాప కూర్చుని ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

డీపీఎఫ్ అంటే పొగ వెళ్లే దారిలో ఉండే జల్లెడ లాంటి ఫిల్టర్. డీజిల్ మండినప్పుడు వచ్చే మసిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. హైవే మీద వెళ్తుంటే పొగ వేడికే కొంత మసి కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజన్ కావాలని కొంచెం ఎక్కువ డీజిల్ పంపి, ఫిల్టర్‌లో వేడిని 600 డిగ్రీల దాకా పెంచి మసిని కాలుస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. బండి ఆగకుండా వెళ్తుంటే పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

సిటీలో ఆ ఇరవై నిమిషాలే దొరకవు. కాల్చడం మొదలవుతుంది, సిగ్నల్ దగ్గర వేడి తగ్గుతుంది, ఈలోపు ఆఫీసు వచ్చేస్తుంది, ఇంజన్ ఆపేస్తాం. సగం మసి అలాగే ఉండిపోతుంది. కాల్చడానికి పంపిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఇలా పదే పదే జరిగితే ఫిల్టర్ పూడుకుపోవడమే కాదు, ఆయిల్ పలచబడి టర్బోకి, బేరింగులకి ముప్పు వస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ ముందు డిప్‌స్టిక్ తీసి చూపించాడు. ఆయిల్ పై గీతకు వేలెడు పైన ఉంది. వాసన చూస్తే డీజిల్! "ఆయిల్ తగ్గాలి గానీ పెరగకూడదు సార్" అన్నాడు. తర్వాత స్కానర్ పెడితే P2463 అని వచ్చింది. ఫిల్టర్‌లో మసి పేరుకుపోయిందని దాని అర్థం. నన్ను అసలు కదిలించింది మాత్రం అదే స్క్రీన్ మీద ఇంకో లైను. ఎర్రర్ కోడ్లు చెరిపేశాక తిరిగిన దూరం 424 కిలోమీటర్లు. ఆ రోజు మీటర్ 31,652. అంటే 31,228 దగ్గర కోడ్లు చెరిపేశారు. నేను తాళం తీసుకున్నది 31,240 దగ్గర. బండి నా చేతికి రావడానికి సరిగ్గా పన్నెండు కిలోమీటర్ల ముందు లైట్లు ఆర్పేశారన్నమాట.

ఇంజన్ నడిచిన గంటలు కూడా అందులోనే ఉన్నాయి, 1,980. మొత్తం దూరాన్ని దాంతో భాగిస్తే సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లు. ఆ కారు పుట్టిన దగ్గర్నుంచి ట్రాఫిక్‌లోనే బతికింది. మీటర్ తక్కువ చూపిస్తోందని నేను మురిసిపోయాను, ఇంజన్ మాత్రం రెండు వేల గంటలు నలిగింది.

మసి మరీ ఎక్కువ ఉండటంతో స్కానర్‌తో బలవంతంగా కాల్చడానికి కూడా వీల్లేదన్నారు. ఫిల్టర్ విప్పి శుభ్రం చేయడానికి 26,500, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్‌కి 7,200 అయ్యాయి. కొత్తది వేయాలంటే లక్షా అరవై వేలు చెప్పారు. డీలర్‌కి ఫోన్ చేస్తే వారంటీ ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కే, ఇది వాడకం వల్ల వచ్చినదని చేతులెత్తేశాడు. ఒక షెడ్‌లోనైతే లోపలి ఫిల్టర్ పగలగొట్టి తీసేస్తాం, ఇక గొడవే ఉండదన్నారు. దయచేసి ఆ పని చేయించకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని అలా మార్చకూడదు. పైగా ఆ మసి అంతా వెనక బైక్ మీద వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అలా తీసేసిన బళ్లు కూడా అమ్మకానికి వస్తున్నాయి. కనిపెట్టడం తేలికే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల తెల్లటి టిష్యూతో తుడవండి. ఫిల్టర్ బాగున్న బండిలో టిష్యూకి పెద్దగా ఏమీ అంటదు. నల్లగా మసి అంటితే ఫిల్టర్ పగిలిందనో, అసలు తీసేశారనో అనుమానించాల్సిందే. డిప్‌స్టిక్ కూడా అప్పుడే చూసేయండి. తర్వాత మీ సొంత మెకానిక్‌ని స్కానర్‌తో తీసుకెళ్లి కోడ్లు ఉన్నాయా అని కాకుండా, కోడ్లు చెరిపి ఎన్ని కిలోమీటర్లయిందో అడగండి. మసి ఎంత శాతం ఉంది, చివరిసారి పూర్తిగా కాలి ఎంత దూరం అయింది అన్నవి కూడా చాలా బళ్లలో కనిపిస్తాయి. స్కానర్ పెట్టనివ్వనంటే ఆ బండి వదిలేయండి. కాలనీలో ఒక రౌండ్ టెస్ట్ డ్రైవ్ చాలదు, ఓఆర్ఆర్ మీద అరగంట నడపనివ్వమని అడగండి.

అసలు కొనాలా వద్దా అంటే, రోజూ పది, పదిహేను కిలోమీటర్ల ట్రాఫిక్ తప్ప వేరే తిరుగుడు లేనివాళ్లు బీఎస్6 డీజిల్ వద్దనే నా మాట. బండి ఎంత బాగున్నా మీ దారే దాన్ని పాడు చేస్తుంది. శుభ్రం చేయించాక నేను ప్రతి ఆదివారం గచ్చిబౌలిలో ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లొచ్చాను. అయినా 110 కిలోమీటర్లకే మళ్లీ రీజనరేషన్ మొదలయ్యేది. మైలేజ్‌లో మిగులుతుందనుకున్న డబ్బు ఆ తిరుగుడుకే సరిపోయింది.

చివరికి నల్గొండలో ఉండే మా బావకి విషయం మొత్తం చెప్పి, బిల్లులన్నీ చూపించి ఇచ్చేశాను. "హైవే బండికి హైవే మనిషి దొరికాడులే" అని తన పెట్రోల్ కారు నాకిచ్చాడు. ఆయన వారానికి మూడుసార్లు హైదరాబాద్ వచ్చి వెళ్తాడు. మొన్న స్కానర్ పెట్టి చూస్తే రీజనరేషన్‌కీ రీజనరేషన్‌కీ మధ్య 340 కిలోమీటర్లు వస్తోంది. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది.