కిటికీ లేని బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్: మూడేళ్లు వాడాక

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్. మధ్య బాత్రూమ్‌కి కిటికీ లేదు. చలికాలంలో అమ్మ వేణ్నీళ్ల స్నానం చేసి వచ్చాక ముప్పావుగంటైనా అద్దం తేటపడేది కాదు. సీలింగ్ మూలల్లో నల్లటి బూజు పట్టింది. ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉండేది!

గది 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. అంటే దాదాపు 8 క్యూబిక్ మీటర్ల గాలి. గంటకు 12 సార్లు ఆ గాలంతా మారాలనుకుంటే గంటకు 96 క్యూబిక్ మీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. మా 4 అంగుళాల ఫ్యాన్ డబ్బా మీద 100 అని రాసి ఉంది. ఇంకేం, సరిపోతుందనుకున్నాను. ఆ అంకె పైపేదీ తగిలించకుండా కొలిచిందని తర్వాత తెలిసింది. మాకేమో ఫాల్స్ సీలింగ్ పైన 3 మీటర్ల ముడతల పైపు, రెండు వంపులు, మధ్యలో ఒక వేలాడే చోటు. విప్పి చూస్తే అక్కడ గ్లాసుడు నీళ్లు! ఆవిరి చల్లబడి అక్కడే నిలిచిపోయింది. రెక్కల ఫ్యాన్‌కి అంత అడ్డును తోసే బలం ఉండదు.

పైగా ఫ్యాన్‌ని సరిగ్గా తలుపుకి పైనే పెట్టారు. తలుపు సందులోంచి వచ్చిన పొడి గాలినే అది లాగేసేది, షవర్ మూలలోని ఆవిరి కదిలేదే కాదు.

అందుకే పైపు మధ్యలో బిగించే ఇన్‌లైన్ ఫ్యాన్ కొన్నాను, డబ్బా మీద 180. జాలీని షవర్‌కి దగ్గరగా, నీళ్లు నేరుగా పడని చోట సీలింగ్‌కి మార్పించాను. పైపును నున్నటి పీవీసీగా, ఒకే వంపుతో, బిల్డింగ్ షాఫ్ట్ వైపు కాస్త వాలుగా వేయించాను.

అయినా తృప్తి లేదు. జాలీకి టిష్యూ పేపర్ ఆనిస్తే తలుపు తెరిచినప్పుడు గట్టిగా అతుక్కునేది, మూస్తే జారిపోయేది. లోపలికి గాలి రాకపోతే బయటికి ఏం పోతుంది? వడ్రంగిని పిలిచి తలుపు అడుగున 2 సెంటీమీటర్లు కోయించాను. 70 సెంటీమీటర్ల తలుపుకి అది 140 చదరపు సెంటీమీటర్ల సందు. 4 అంగుళాల పైపు నోరు 81 మాత్రమే కాబట్టి సందే పెద్దది. ఆ రోజు నుంచి అద్దం పది, పన్నెండు నిమిషాల్లో తేటపడుతోంది. స్నానం తర్వాత ఇరవై నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టాను. మాది కరెంటు గీజర్. గ్యాస్ గీజర్ లోపలే ఉన్నవాళ్లు ఇలా చేయకండి, దాని పొగను ఫ్యాన్ గదిలోకే లాగే ప్రమాదం ఉంది.

లోపాలూ ఉన్నాయి. రెండు నెలలకోసారి జాలీ కడగాలి. గాలి వీచే రాత్రుళ్లు పైపు చివరి మూత టకటకమంటుంది. అమ్మ నిద్ర చెడి, "ఆ తలుపు కొడుతోందెవరో చూడరా" అంటుంది.