నెలనెలా పంపడమా, రేటు కోసం ఆగడమా: తొమ్మిదేళ్ల దుబాయి లెక్క

మాది జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె. దుబాయికి వచ్చిన మొదటి రెండేళ్లు మంచి రేటు కోసం జీతం ఆపుకొని పంపాను. ఆ తరువాత ఏ నెలకా నెల, జీతం పడిన రోజే సమానంగా పంపుతూ వచ్చాను. రెండు పద్ధతులనూ చూసినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

గదిలో అందరం లేవగానే రేటు చూసి, దిర్హాం పెరిగిందని సంబరపడేవాళ్లం. నిజానికి 1997 నుంచి ఒక డాలరు విలువ 3.6725 దిర్హాముల దగ్గరే స్థిరంగా ఉంది కాబట్టి, పెరిగేది దిర్హాం కాదు, డాలరు ముందు తగ్గేది మన రూపాయి. డాలరు ఒక రూపాయి పెరిగితే దిర్హాంకు కలిసివచ్చేది 27 పైసలే.

గుండ్రటి అంకెలతో ఆరు నెలల లెక్క చూద్దాం. నెలకు 2,000 దిర్హాములు పంపుతున్నామనీ, రేటు వరుసగా 22.50, 22.40, 22.60, 22.70, 22.60, 22.80 ఉందనీ అనుకుంటే, నెలనెలా పంపినవాడి ఇంటికి 2,71,200 రూపాయలు చేరతాయి. ఆగినవాడు చివరి నెల రేటుకు మొత్తం పంపితే 2,73,600 చేరతాయి, అంటే 2,400 ఎక్కువ. ఎక్స్ఛేంజి రుసుము ప్రతిసారీ 20 దిర్హాములైతే, ఐదు సార్ల రుసుము మిగిలి మరో 2,280 కలుస్తుంది. ఇంతవరకు ఆగినవాడికే 4,680 లాభం. నేను రెండేళ్లు ఇక్కడే లెక్క ఆపేశాను.

వీసా కోసం తెచ్చిన మూడు లక్షలకు ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి నడుస్తూనే ఉంది. సగటున 45,200 రూపాయలయ్యే ఒక నెల సొమ్ము అప్పులో జమ కావడం నెల ఆలస్యమైతే 904 రూపాయల మిత్తి పడుతుంది. మొదటి నెల సొమ్ము ఐదు నెలలు, రెండవది నాలుగు నెలలు, ఇలా మొత్తం పదిహేను నెలల ఆలస్యానికి 13,560 రూపాయలు. ఆ నష్టం పూడాలంటే దిర్హాం నెలకు 45 పైసలు, అంటే డాలరు రూపాయిన్నరకు పైగా పెరగాలి. అది ఎప్పుడో గాని జరగదు.

అయితే అప్పిచ్చినవారు విడతలుగా అసలు జమ చేసుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. మా బాపు కొన్ని నెలలు నోటి మాట మీద కట్టాడు. తీరా లెక్క చూసేనాడు వారు మొత్తం అసలుకే మిత్తి లెక్కగట్టారు. అప్పటి నుంచి కట్టిన ప్రతిసారీ నోటు వెనుక తేదీతో, వారి సంతకంతో చెల్లు రాయించుకున్నాం.

అప్పు తీరాక లెక్క మారింది. బ్యాంకు డిపాజిట్టుకు ఏడాదికి ఆరు శాతం వడ్డీ అనుకుంటే, నెల ఆగినందుకు పోయేది 226 రూపాయలు, అంటే దిర్హాంకు 11 పైసలు. అందుకే ఇప్పుడు ఇంటి ఖర్చు జీతం రోజే పంపి, మిగిలినది మాత్రం ఆపుతున్నాను. అదీ రెండు నెలలు దాటనివ్వను, అప్పటికే రేటు 22 పైసలు పెరిగి ఉండాలి మరి.