గిరీశం మనిషా, పాత్రా?

కన్యాశుల్కం గిరీశం గురించి రాసేటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, మన పక్కింటోడి గురించి మాట్లాడినట్టు "మోసగాడు, చిన్నప్పుడు పెంపకం సరిగా లేదేమో" అనడం. ఈజీనే, కానీ నాటకంలో లేని బాల్యాన్ని మనమే కల్పిస్తున్నాం కదా, అక్కడే దొరికిపోతాం.

రెండోది, గురజాడ వీణ్ణి ఎందుకు ఇలా కట్టాడు అని అడగడం. చూడండి, సంస్కరణ మాటలు బోలెడు వీడి నోట్లో పెట్టాడు, మోసాలూ వీడితోనే చేయించాడు, అంటే ఇంగ్లీషు ముక్కల సంస్కరణని ఎంతవరకు నమ్మాలో మనల్నే తేల్చుకోమంటున్నాడు. పైగా నాటకం మొదలయ్యేది వీడి మాటలతోనే, ముగిసేది కూడా వీడి "డామిట్, కథ అడ్డంగా తిరిగింది"తోనే, పాత్రే తన కథని కథ అనేస్తోంది! మొదటి దారిలో ఇది ఉత్త కోపం, అంతే.

నా ఓటు రెండోదానికే, కాకపోతే అలా రాస్తూ పోతే గిరీశం మీద నవ్వొచ్చిన సంగతే మర్చిపోతాం.